అమ్మేవాడు అడ్వాన్సు తీసుకోకముందే: పన్ను సలహా సంస్థకు ఒక వెబినార్ ప్రణాళిక

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవారిలో ఎక్కువమంది పన్ను సలహా సంస్థలు నడుపుతున్నవారే. వెబినార్ పెడితే క్లయింట్లు వస్తారా అని అడుగుతున్నారు. వస్తారు, కానీ అది విషయాన్ని బట్టి ఉంటుంది. ‘పన్ను ఆదా చేసుకోవడం ఎలా’ అని పెడితే జనం వస్తారు, వింటారు, ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతారు. వాళ్లకు ఫలానా తేదీలోపు మీతో పని ఉండదు. అందుకే గడువు ఉన్న సమస్యనే ఎంచుకోవాలి. ఈ రోజు అలాంటిదొకటి తీసుకుని ప్రణాళిక చెబుతాను. అమెరికాలో ఉండే తెలుగువారు ఇక్కడి ఫ్లాటు అమ్మేటప్పుడు కోతపడే టీడీఎస్.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే వెబినార్ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. డల్లాస్‌లో ఉండే ఒకాయన 2012లో కూకట్‌పల్లిలో 40 లక్షలకు ఫ్లాటు కొన్నారనుకోండి. ఇప్పుడు కోటి 20 లక్షలకు అమ్ముతున్నారు. లాభం 80 లక్షలు. దీర్ఘకాలిక మూలధన లాభం మీద 12.5 శాతం చొప్పున పన్ను 10 లక్షలు. లాభం 50 లక్షలు దాటింది కాబట్టి దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు. మొత్తం 11 లక్షల 44 వేలు. ఇది ఆయన నిజంగా కట్టాల్సిన పన్ను. కానీ చేతిలో అధికారి ఇచ్చిన ధ్రువపత్రం లేకపోతే కొనేవారు సాధారణంగా లాభం మీద కాకుండా అమ్మకం ధర మొత్తం మీద కోస్తారు. కోటి 20 లక్షల మీద 12.5 శాతం అంటే 15 లక్షలు. మొత్తం కోటి దాటింది కాబట్టి సర్‌చార్జి 15 శాతం, ఆపై సెస్సు. లెక్క 17 లక్షల 94 వేలకు చేరుతుంది. అదనంగా పోయిన ఆరున్నర లక్షలు ఆర్థిక సంవత్సరం ముగిశాక రిటర్ను వేసి, రిఫండు వచ్చేదాకా ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. అమ్మకం ఏప్రిల్‌లో జరిగితే ఏడాదికి పైగా ఎదురుచూపే.

దీనికి మందు తక్కువ టీడీఎస్ ధ్రువపత్రం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే అంతర్జాతీయ పన్నుల విభాగంలోని అధికారి కాగితాలు చూసి, ఎంత శాతం కోయాలో రాసి ఇస్తారు. రావడానికి వారాలు పడుతుంది. అప్పటికే కోత పడిన మొత్తానికి అది వర్తించదు. అంటే ఆయన అడ్వాన్సు తీసుకోకముందే మీ దగ్గరికి రావాలి. మన వెబినార్‌కు గడువు ఇక్కడే ఉంది, వేరే ఎక్కడా వెతకక్కర్లేదు.

ఇక నమోదు ఫారం. దీన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, నా దృష్టిలో అసలు పని ఇక్కడే జరుగుతుంది. పేరు, ఈమెయిలు, వాట్సాప్ నంబరు, ఉండే దేశం అడిగాక ఒకే ఒక ప్రశ్న వేయండి: ‘అమ్మకం ఏ దశలో ఉంది?’ జవాబులు నాలుగు. ఊరికే తెలుసుకోవాలని, ఈ ఏడాదిలో అమ్మాలనే ఆలోచన ఉంది, కొనేవారు దొరికారు, రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆస్తి విలువ అడగవద్దు, అది చూడగానే సగం మంది ఫారం మూసేస్తారు. నంబరు దేనికి వాడతారో అక్కడే రాసి సమ్మతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిధిలోకి మనమూ వస్తాం.

ఊహకు 150 మంది నమోదు చేసుకున్నారనుకుందాం. తెలుసుకోవాలనేవారు 90, ఆలోచనలో ఉన్నవారు 40, కొనేవారు దొరికినవారు 15, అయిపోయినవారు 5. ఆ 15 మందికి వెబినార్ అయ్యేదాకా ఆగకండి, నమోదైన రోజే సీనియర్ ఫోను చేయాలి. 40 మందికి కావలసిన పత్రాల జాబితా పంపి, నెలకోసారి పలకరిస్తే చాలు. చివరి ఐదుగురిని వదిలేయకండి, వాళ్లకు రిటర్ను, రిఫండు పని ఉంది.

సమయం గురించి ఒక మాట. శనివారం డల్లాస్‌లో ఉదయం పదిన్నర అయితే న్యూజెర్సీలో పదకొండున్నర, కాలిఫోర్నియాలో ఎనిమిదిన్నర, మనకు రాత్రి తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి మనకు రాత్రి పది అవుతుంది. ఆహ్వానంలో నాలుగు సమయాలూ రాయండి. రాత్రి తొమ్మిది అయితే ఇక్కడ ఫ్లాటు వ్యవహారం చూసే తమ్ముడో నాన్నగారో కూడా కూర్చుంటారు. తరచుగా నిర్ణయం వాళ్లదే!

గంటలో ముప్పావు భాగం పాఠం, మిగతాది ప్రశ్నలు. పాఠంలో కూకట్‌పల్లి లెక్కను ఒక్కో వరుస రాస్తూ చేసి చూపండి. స్లైడు మీద రెడీగా పెడితే ఎవరికీ ఎక్కదు. తర్వాత దరఖాస్తులో ఎక్కడ ఆగిపోతుందో చెప్పండి. ఉదాహరణకు, దేశం విడిచి పదేళ్లయినా చాలామంది పాన్ ఇంకా పాత ఊరి వార్డు అధికారి కిందే ఉంటుంది. దాన్ని అంతర్జాతీయ పన్నుల విభాగానికి మార్పించుకోవాలి. ఈ ఒక్క సంగతి విన్నవారు ఆ రాత్రే తమ పాన్ ఏ అధికారి కింద ఉందో వెతుక్కుంటారు, దొరక్క మీకే ఫోను చేస్తారు. అన్నీ చెప్పేస్తే మన పని పోతుందేమో అనే భయం వద్దు. పద్ధతి తెలిసినంత మాత్రాన డల్లాస్ నుంచి అధికారి చుట్టూ తిరగలేరు. సెక్షన్ల సంఖ్యల విషయంలో మాత్రం జాగ్రత్త. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, పాత స్లైడ్లు తీసి వాడకండి.

సరైనవాళ్లు వచ్చారో లేదో చాట్‌లో తెలిసిపోతుంది. ‘మా కొనుగోలుదారు ఒక శాతమే కోస్తానంటున్నాడు’ అని ఎవరైనా రాశారంటే ఆ మనిషి అమ్మకం మధ్యలో ఉన్నాడు. ఒక శాతం నిబంధన అమ్మేవారు ఇక్కడి నివాసి అయితేనే. బీమా ప్రీమియం మినహాయింపుల గురించి ప్రశ్నలు వస్తుంటే మీ ఆహ్వానం తప్పు చోటికి వెళ్లింది. ప్రశ్నలు నిర్వాహకులకు మాత్రమే కనిపించేలా పెట్టండి, ఉత్సాహంలో పాన్ నంబరు చాట్‌లో పెట్టేవాళ్లు ఉంటారు.

మీరు ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్లయితే ఒక కంచె ఉంది. 1949 నాటి మీ చట్టం మొదటి షెడ్యూలు మొదటి భాగంలో 6, 7 క్లాజులు క్లయింట్ల కోసం ప్రకటనల ద్వారా అర్థించడాన్ని పరిమితం చేస్తాయి. ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకాలు మారుతుంటాయి కాబట్టి ఆహ్వానం పంపే ముందు తాజా ప్రతి చదవండి. విషయ బోధన వేరు, ‘మా దగ్గరికి రండి, రాయితీ ఇస్తాం’ అనడం వేరు.

ఖర్చు లెక్క చూసేటప్పుడు నమోదుల సంఖ్యతో మురిసిపోకండి. 60 వేలు ఖర్చు పెట్టి 150 మందిని రప్పిస్తే తలకు 400. అదే డబ్బుతో ‘పన్ను ఆదా’ అని 600 మందిని రప్పిస్తే తలకు వందే, చవకగా కనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో ఆరుగురు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి, రెండోదాంట్లో ఒక్కరే పెడితే, క్లయింటుకు ఖర్చు 10 వేలా, 60 వేలా? ఇవి నా ఊహ అంకెలు. మీ అంకెలు వేసుకుని మూడు నెలల తర్వాత లెక్క తీయండి, ఎందుకంటే ఫ్లాటు అమ్మకం వారంలో తేలేది కాదు.

రెండో వెబినార్ కొనేవాళ్లకు పెట్టండి. తక్కువ కోస్తే వడ్డీతో సహా బాధ్యత వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, ఆ సంగతి చాలామందికి రిజిస్ట్రేషన్ రోజుదాకా తెలియదు. వాళ్లు హైదరాబాదులోనే ఉంటారు కాబట్టి అది ఆదివారం ఉదయం పదకొండుకి పెట్టుకోవచ్చు. ఇక ప్రశ్నలు అడగండి.