అంబర్‌పేట నాలా, రెండు వైరస్‌లు

హోస్ట్: నమస్తే. ఈసారి ఎపిసోడ్ మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాం, అంబర్‌పేటలో. నాతో కూర్చున్నది మా వదిన. మైక్రోబయాలజీ చెప్తారు, వైరాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. వదినా, పోయిన వారం మా పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు నేను మీకు ఫోన్ చేశాను. మీరు ముందు అడిగింది ‘చేతులు దేంతో శుభ్రం చేసుకుంటున్నావు’ అని. శానిటైజర్ అన్నాను. ‘అది పక్కన పెట్టు, సబ్బు తీసుకో’ అన్నారు. ఎందుకో అడిగే తీరిక అప్పుడు లేదు.

వదిన: అప్పుడు నీ టెన్షన్ నీది. ఇప్పుడు చెప్తాను. కానీ పాప సంగతికి వచ్చే ముందు ఇక్కడి నాలా దగ్గరికి వెళ్దాం. 2016లో అంబర్‌పేట నాలా నీళ్లలో పోలియో వైరస్ దొరికింది, గుర్తుందా?

హోస్ట్: లీలగా గుర్తుంది. పిల్లలందరికీ ఇంజెక్షన్లు వేశారు కదా?

వదిన: అవును. దొరికింది అడవి పోలియో కాదు, టీకా నుంచి పుట్టిన టైప్ 2 రకం. చుక్కల మందులో ఉండేది బలహీనపరిచిన వైరసే అయినా అది బతికున్నదే. మందు తాగిన పిల్లల మలంలో బయటికొస్తుంది, ఒకరి నుంచి ఒకరికి పాకుతూ కొద్దికొద్దిగా మారుతుంది. అందుకే ఆ ఏడాది ఏప్రిల్‌లో మన దేశంలో చుక్కల మందు నుంచి టైప్ 2ను తీసేశారు. తర్వాతి నెలలో ఇక్కడ తీసిన మురుగు నీటి శాంపిల్‌లో అది బయటపడింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. ఒక్క పిల్లాడికి కూడా పక్షవాతం రాలేదు, నాలాలో ఉండగానే పట్టుకున్నారు.

హోస్ట్: అంత మురికి నీళ్లలో వైరస్ ఎలా దొరుకుతుంది వదినా?

వదిన: నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. వైరస్‌ను బయట పెంచలేం, బతికున్న కణాల్లోనే పెరుగుతుంది. కాబట్టి ల్యాబ్‌లో సీసాలో కణాలు పెంచి, వాటి మీద శాంపిల్ పోసి, కణాలు చస్తున్నాయా అని రోజూ మైక్రోస్కోప్‌లో చూడాలి. చస్తే వైరస్ ఉన్నట్టు. కానీ మురుగులో బ్యాక్టీరియా ఉంది, బూజు ఉంది. అవి ముందు ఆ కణాలను తినేస్తాయి. అందుకని శాంపిల్‌లో క్లోరోఫామ్ కలుపుతారు. మలం శాంపిల్ అయితే 2 గ్రాముల మలం, 10 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణం, 1 మిల్లీలీటరు క్లోరోఫామ్, కొన్ని గాజు పూసలు. మూత బిగించి 20 నిమిషాలు గట్టిగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని కణాల మీద పోస్తారు.

హోస్ట్: క్లోరోఫామ్‌తో పోలియో వైరస్ కూడా చావదా?

వదిన: చావదు. క్లోరోఫామ్ కరిగించేది కొవ్వును. పోలియో వైరస్‌లో కరగడానికి కొవ్వే లేదు. లోపల దాని జన్యు పదార్థం, ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ ప్రొటీన్ గుల్ల. ఆ గుల్లను క్యాప్సిడ్ అంటాం. నాలుగు రకాల ప్రొటీన్లు, ఒక్కొక్కటి 60 చొప్పున, ఒకదానికొకటి బిగిసి గుండ్రంగా కూర్చుంటాయి. మొత్తం కలిపి 30 నానోమీటర్లు ఉంటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఇలాంటి వాటిని నేకెడ్ వైరస్‌లు అంటారు, పైన పొర లేనివి.

హోస్ట్: మరి పొర ఉన్నవి?

వదిన: కరోనా, ఫ్లూ, హెచ్‌ఐవీ. వీటికి ప్రొటీన్ భాగం మీద కొవ్వు పొర ఒకటి కప్పి ఉంటుంది, దాన్ని ఎన్వలప్ అంటారు. అది వైరస్ సొంతంగా చేసుకున్నది కాదు. మన కణంలో పెరిగి బయటికొచ్చేటప్పుడు మన కణం పొరలోనే ఒక ముక్కను చుట్టుకుని వస్తుంది. ఆ పొరలో తన స్పైక్ ప్రొటీన్లను ముందే గుచ్చి ఉంచుతుంది. ఇంకో కణానికి అతుక్కోవాలంటే ఆ స్పైక్‌లే దిక్కు. కొవ్వు పొర కరిగితే వాటికి నిలబడే చోటు ఉండదు. లోపల ఆర్‌ఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉన్నా ఆ వైరస్ ఇంకెవరికీ అంటుకోలేదు.

హోస్ట్: అంటే కరోనా శాంపిల్‌ను అలా క్లోరోఫామ్‌లో కుదిపితే?

వదిన: కణాల మీద ఏమీ పెరగదు. నిజానికి కొత్త వైరస్ దొరికినప్పుడు పొర ఉందా లేదా అని తేల్చడానికి పాతకాలం నుంచి చేసే పరీక్ష ఇదే. ఈథర్‌తోనో క్లోరోఫామ్‌తోనో కలిపి చూస్తారు. అంటుకునే శక్తి పోతే పొర ఉన్నట్టు, నిలిస్తే లేనట్టు. 1962లో వైరస్‌లను వర్గాలుగా విడగొట్టే పద్ధతి ఒకటి ప్రతిపాదించినప్పుడు అందులో చూసిన లక్షణాల్లో ఈ పొర ఒకటి. తర్వాత 1971లో డేవిడ్ బాల్టిమోర్ అనే శాస్త్రవేత్త ఇంకో దారి పట్టాడు. లోపలి జన్యు పదార్థం ఏ రకం, దాన్నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీన్ల తయారీకి కణం చదివే ప్రతి, ఎలా తయారవుతుంది అన్నదాన్ని బట్టి విడగొట్టాడు. ఆ లెక్కలో పోలియో, కరోనా రెండూ ఒకే గుంపులో, నాలుగో గుంపులో ఉంటాయి. రెండింటి ఆర్‌ఎన్‌ఏనూ మన కణం నేరుగా చదివేస్తుంది.

హోస్ట్: ఒకే గుంపా! కానీ నాలాలో రెండూ ఒకేలా ఉండవంటారు.

వదిన: ఉండవు. అందుకే నా స్టూడెంట్స్‌కు చెప్తాను, గుంపు పేరు చూసి వైరస్ ఎక్కడ బతుకుతుందో చెప్పకండి అని. 2020లో మన సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల వాళ్లు హైదరాబాద్ మురుగు శుద్ధి ప్లాంట్లలో కరోనా కోసం వెతికారు. దొరికింది. ఆ లెక్కతో నగరంలో ఎంతమందికి సోకిందో అంచనా కూడా వేశారు. కానీ వాళ్లు పట్టుకున్నది ఆర్‌టీ-పీసీఆర్‌తో, అంటే ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని. పోలియోను పట్టుకున్నది కణాల మీద పెంచి. ఈ తేడా వినేవాళ్లు పట్టుకోవాలి. పీసీఆర్ పాజిటివ్ అంటే వైరస్ ఇక్కడ ఉండేదని అర్థం. అది ఇప్పటికీ అంటుకోగలదా అన్నది ఆ పరీక్ష చెప్పదు.

హోస్ట్: ఆ రోజుల్లో నీళ్లలో కరోనా అని పేపర్లలో చదివి, మా అమ్మ కుళాయి నీళ్లు ముట్టుకోవడానికి కూడా భయపడింది.

వదిన: చాలామంది భయపడ్డారు, తప్పులేదు. కానీ కరోనా మురుగు దాకా వచ్చే దారి చూడు. కడుపులో యాసిడ్, ఆ తర్వాత చిన్న పేగులో పైత్యరసం. పైత్యరసం పనే కొవ్వును విడగొట్టడం, నెయ్యి గిన్నె మీద సబ్బు చేసే పని లాంటిది. పొర ఉన్న వైరస్‌లో ఎక్కువ భాగం పేగు దాటేలోపే పాడవుతుంది. మిగిలినదాన్ని మురుగులోని డిటర్జెంట్లు, బ్యాక్టీరియా చూసుకుంటాయి. పోలియోకు ఆ దారి సొంత ఇల్లు. పేగులోనే పెరుగుతుంది, పైత్యరసంలో మునిగినా గుల్ల విడిపోదు.

హోస్ట్: సరే, ఇప్పుడు మా పాప. శానిటైజర్ ఎందుకు వద్దన్నారు?

వదిన: పాపకు ఏ వైరస్ వచ్చిందో పరీక్ష చేయించలేదు కాబట్టి పేరు చెప్పలేను. కానీ నాకు అనుమానం నోరోవైరస్ మీద. హఠాత్తుగా వాంతులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గడం, తర్వాత మీ ఆవిడకు రావడం, అన్నీ దాని పద్ధతే. అది నేకెడ్ వైరస్. ఒకే ప్రొటీన్ 180 సార్లు పేర్చిన గుల్ల. శానిటైజర్‌లో ఆల్కహాల్ కొవ్వు పొరను చెదరగొడుతుంది, కరోనాను అందుకే అంత బాగా చంపింది. నోరోవైరస్ మీద దాని పని చాలా అరకొరగా ఉంటుంది. పైగా చాలా కొద్ది వైరస్‌లు కడుపులోకి వెళ్లినా జబ్బు చేస్తుంది. చేతి మీద నూటికి తొంభై చచ్చినా మిగిలినవి చాలు.

హోస్ట్: మరి సబ్బు మాత్రం చంపుతుందా?

వదిన: చంపదు. ఇక్కడ సబ్బు చేసే పని వేరు. కరోనా అయితే సబ్బు పొరను చీల్చేస్తుంది. నోరోవైరస్‌ను చర్మం మీద నుంచి ఊడదీస్తుంది, నీళ్లు దాన్ని కొట్టుకుపోతాయి. అందుకే పారే నీళ్ల కింద రుద్ది రుద్ది కడగాలి. తడి టిష్యూతో తుడిస్తే లాభం లేదు.

హోస్ట్: నేల మీద వాంతి పడిన చోట ఫినాయిల్ పోశాను.

వదిన: అక్కడ బ్లీచ్ కావాలి, అంటే సోడియం హైపోక్లోరైట్. క్లోరిన్‌కు కొవ్వుతో పనిలేదు, ప్రొటీన్‌నే పాడుచేస్తుంది. సీసా మీద 5 శాతం అని ఉంటే, లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు కలిపితే దాదాపు 1000 పీపీఎం వస్తుంది. వాంతి పడిన చోటికి ఇంకా చిక్కగా, లీటరు మొత్తంలో 100 మిల్లీలీటర్ల వరకు వాడొచ్చు. అందరూ చేసే తప్పు వాంతి మీదే నేరుగా బ్లీచ్ పోయడం. ఆ మురికే క్లోరిన్‌ను తినేస్తుంది, వైరస్ దాకా చేరదు. ముందు గ్లవ్స్ వేసుకుని పేపర్‌తో ఎత్తి, కవర్లో కట్టి పడేసి, తర్వాత బ్లీచ్ పోసి 10 నిమిషాలు ఆగి తుడవాలి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నీళ్లలో కలిపింది ఆ రోజే వాడేయాలి. సీసా మన ఎండల్లో నెలలు నిలవ ఉంటే దాని పవర్ కూడా తగ్గిపోతుంది.

హోస్ట్: అయితే పొర ఉంటే మెతక, లేకపోతే గట్టి అని రాసేసుకోవచ్చా?

వదిన: అలా గీత గీస్తే దెబ్బతింటావు. హెపటైటిస్ బికి పొర ఉంది, అయినా ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు అంటుకునే శక్తితో ఉంటుంది. మశూచి వైరస్‌కు పొర ఉంది, పొక్కుల చెక్కులో చాలాకాలం నిలిచేది. అటుపక్క పోలియోకు పొర లేకపోయినా తడి ఆరితే తొందరగా పాడవుతుంది, నీళ్లలో మాత్రం నిలబడుతుంది. కాబట్టి పొర ఒక్కటే కాదు, తడా పొడా, వేడా చల్లనా, చుట్టూ ఏముంది అన్నవి కూడా చూడాలి.

హోస్ట్: వీటిలో మీకు విచిత్రం అనిపించింది ఏది?

వదిన: హెపటైటిస్ ఇ. మనవాళ్లకు తెలిసిన పచ్చకామెర్లలో ఒకటి. 2005లో మన పాతబస్తీలో ప్రబలింది కూడా, తాగే నీళ్లలో మురుగు కలిసి. పుస్తకాల్లో దాన్ని చాలా ఏళ్లు నేకెడ్ వైరస్ అనే రాశారు, ఎందుకంటే అందరూ చూసింది మలం శాంపిల్‌లో. రోగి రక్తంలో చూస్తే అదే వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంది. కాలేయ కణం నుంచి బయటికొచ్చేటప్పుడు చుట్టుకుని వస్తుంది. రక్తంలో అది ఉపయోగమే, యాంటీబాడీలు గుల్లను పట్టుకోలేవు. పైత్యనాళంలోకి దిగాక పైత్యరసం ఆ పొరను ఒలిచేస్తుంది. కరోనాకు అక్కడే పని అయిపోతుంది. దీనికి మాత్రం లోపల గట్టి గుల్ల ఉంది కాబట్టి నీళ్లలో బతకగలిగే రూపంలో బయటపడుతుంది.

హోస్ట్: మా వీధిలో వానాకాలంలో కుళాయి నీళ్లు రంగు మారి వస్తుంటాయి వదినా.

వదిన: అలా వచ్చిన రోజు వాసన చూసి, వడగట్టి తాగేయొద్దు. 30 నానోమీటర్ల గుల్ల గుడ్డలో ఆగదు. తెర్ల కాగాక ఇంకో నిమిషం మరగనిచ్చి దించు. అలా మరిగితే ఆ గుల్ల కూడా నిలవదు.