మాత్ర వేసుకున్నాక డేట్ ఎప్పుడొస్తుంది? (అనంతపురం నుంచి, శిరీష – రమణక్క)

శిరీష: అందరికీ నమస్కారం. ఈ వారం మాట ఇచ్చినట్టే, గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాక తర్వాతి డేట్ ముందే వస్తే ఏంటి, ఆలస్యమైతే ఏంటి అని మాట్లాడుకుందాం. రెండు ఉత్తరాలు పెట్టుకున్నాను. రమణక్క వచ్చేసింది. అక్కా, ఆ క్యాలెండర్ పక్కన పెట్టు.

రమణక్క: ఎందుకు పెట్టాలి? ఈరోజు దానితోనే పని.

శిరీష: తెలుసు, తెలుసు.

రమణక్క: ఉత్తరం చదువు.

శిరీష: ఇది తాడిపత్రి వైపు నుంచి వచ్చింది. పేరు చెప్పను, ఇద్దరు పిల్లల తల్లి. ఆమెకు మార్చి 4న డేట్ వచ్చింది. మామూలుగా 28 రోజులకు వస్తుందట. మార్చి 13 రాత్రి కండోమ్ చిరిగింది. 14 మధ్యాహ్నం మాత్ర వేసుకుంది. మార్చి 20న మళ్లీ బ్లీడింగ్ మొదలై మూడు రోజులు కొద్దికొద్దిగా అయింది. "డేట్ వచ్చేసింది, టెన్షన్ పోయింది" అని రాసింది. ఈ ఉత్తరం నాకు అందింది ఏప్రిల్ 9న. అప్పటికి ఆమె ఏప్రిల్ 17 కోసం ఎదురు చూస్తోంది. 20కి 28 కలిపింది.

రమణక్క: అదే. అక్కడే తప్పింది.

శిరీష: ఆగక్కా. నేను మందుల షాపులో రోజూ ఇవి అమ్ముతాను. కొందరికి నిజంగానే ముందే వస్తుంది. మాత్ర వేసుకున్న వారంలో బ్లీడింగ్ అయితే అదే డేట్ అనుకోవడంలో తప్పేముంది?

రమణక్క: మాత్రలో ఏముంటుందో నీకు నేను చెప్పాలా? లెవోనార్‌జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. ఒక రకం హార్మోన్. ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ఆ తగ్గుదలకు గర్భసంచి లోపలి పొర కొంచెం ఊడి రక్తం వస్తుంది. అండం విడుదలై, రెండు వారాలు గడిచి, ఆ తర్వాత వచ్చేది అసలు డేట్. ఇది వేరు, అది వేరు.

శిరీష: చూసేవాళ్లకు రెండూ రక్తమేగా. ప్యాడ్ మీద తేడా కనపడదు.

రమణక్క: కొంత కనపడుతుంది. ఆమె ఏం రాసిందో మళ్లీ చూడు, "కొద్దికొద్దిగా" అంది. మామూలుగా ఎన్ని ప్యాడ్‌లు మారుస్తుందట?

శిరీష: రోజుకు నాలుగు అంది. ఈసారి రోజంతా ఒక్కటే, అదీ గోధుమ రంగు మరకలతో.

రమణక్క: మరి నువ్వే చెప్పు.

శిరీష: అది డేట్ కాదంటావు, సరే. కానీ అక్కా, మొదటి వారంలో మాత్ర వేసుకున్న కొందరికి డేట్ నిజంగానే ముందుకొస్తుందని నేను చదివాను. మొత్తం తోసెయ్యకు.

రమణక్క: తోసెయ్యడం లేదు. వస్తుంది. అందుకే గొడవ. పల్చగా, రెండు మూడు రోజులు, అనుకున్న తేదీకి చాలా ముందే వస్తే దాన్ని డేట్ అని లెక్కలోకి తీసుకోవద్దు. మామూలు ధారతో, మామూలు రోజులు, అనుకున్న తేదీకి అటూఇటూ వారంలో వస్తే డేటే. మధ్యలో ఉన్నది ఏదో ఎవరూ చూసి చెప్పలేరు, నేను కూడా. అలాంటప్పుడు పాత తేదీని కొట్టెయ్యొద్దు. క్యాలెండర్ మీద ఈ బ్లీడింగ్‌ను పెన్సిల్‌తో రాయి. పెన్నుతో రాసింది మార్చి 4. దానికి 28 కలిపితే ఏప్రిల్ 1. అదే ఆమె తేదీ. ఇప్పటికీ అదే.

శిరీష: (నవ్వు) పెన్సిలూ పెన్నూ వచ్చేశాయి.

రమణక్క: రావాలి మరి. ముప్ఫై ఏళ్లు హెల్త్ సబ్ సెంటర్‌లో ఇదే రాశాను. తేదీ తెలియని అమ్మాయి వస్తే, ఏం చెప్పాలో తెలియక నా చేతులు కట్టేసినట్టుండేది.

శిరీష: సరే, ఆమె 17 దాకా ఆగితే ఏం పోతుంది? అది చెప్పు.

రమణక్క: రోజులు పోతాయి. మాత్ర పని చెయ్యలేదనుకో. మార్చి 4 నుంచి లెక్కేస్తే ఏప్రిల్ 17కి ఆరు వారాలు దాటుతుంది. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి ఉంటే, కడుపు కింద ఒక పక్క నొప్పి మొదలయ్యేది ఆ రోజుల్లోనే. "నాకు డేట్ అయిందిగా" అని ఆమె ఆ నొప్పిని గ్యాస్ అనుకుంటుంది. నాకు భయం అదే.

శిరీష: మాత్ర వల్ల ట్యూబులో గర్భం వస్తుందని కొందరంటారు.

రమణక్క: మాత్ర దాన్ని తీసుకురాదు. మాత్ర తప్పినప్పుడు నిలిచిన గర్భం ఎక్కడుందో చూసుకోవాలి, అంతే. ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొసన నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఇంట్లో కూర్చోవద్దు, ఆ రాత్రే పోవాలి. మన ఊళ్లో సర్వజనాసుపత్రి ఉంది.

శిరీష: (కాసేపు ఆగి) అక్కా, ఒకటి చెప్పాలి. నేను షాపు పెట్టకముందు, పెళ్లైన కొత్తలో, ఇదే మాత్ర వేసుకుని ఇలాగే మరకలు చూశాను. ఎవరినీ అడగలేదు. తర్వాత నెల తప్పింది. ఒక చోటికి పోతే, డేట్ ఎప్పుడు వచ్చిందని కూడా అడగకుండా "ఇట్లాంటివి వేసుకుంటే ఇట్లే ఉంటుంది" అన్నారు. టవర్ క్లాక్ దగ్గర ఆటో ఎక్కి ఇంటికొచ్చేదాకా ఏడ్చాను. పది రోజులు ఆగాక వచ్చింది. ఆ పది రోజులు ఎవరైనా ఈ లెక్క చెప్పి ఉంటే బాగుండేది.

రమణక్క: నాకెందుకు ఫోన్ చెయ్యలేదే నువ్వు?

శిరీష: సిగ్గుతో.

రమణక్క: ...సరే. అందుకే మాట్లాడుతున్నాం. ఆ ఉత్తరం పూర్తిగా చదివావా? ఇంకో లైను ఉందే.

శిరీష: ఉంది. "బ్లీడింగ్ ఆగాక సేఫ్ డేస్ కదా అని మార్చి 25న ఏమీ వాడలేదు" అని.

రమణక్క: చూశావా! దీనికోసమే ఇంతసేపు వాదించాను. మాత్ర చేసే పని ఏంటి? విడుదల కావలసిన అండాన్ని ఆపుతుంది, కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. అప్పటికే విడుదలైన అండాన్ని అది ఏమీ చెయ్యలేదు. ఆమె పదకొండో రోజున వేసుకుంది, అండం బయటికి రావడానికి రెండు మూడు రోజులే ఉన్నట్టుంది. మాత్ర దాన్ని నెట్టేసిందనుకో. అది మళ్లీ ఎప్పుడు వస్తుంది? తర్వాత వారంలోనో, ఆపై వారంలోనో. మార్చి 25 ఆమెకు సేఫ్ డే కాకపోవచ్చు, ఆ నెలలో అన్నిటికంటే ప్రమాదమైన రోజు కావచ్చు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి.

శిరీష: మాత్ర ముందు జరిగినదానికే పనిచేస్తుంది, తర్వాత జరిగేదానికి కాదు. ఇది నేను షాపులో ప్రతి ఒక్కరికీ చెప్తాను, ప్యాకెట్ చేతిలో పెట్టేటప్పుడే. సగం మంది వినకుండా పరుగెత్తుతారు.

రమణక్క: తరువాతి డేట్ వచ్చేదాకా కండోమ్ వాడాలి, మధ్యలో మరకలు కనపడినా సరే. ఆ అమ్మాయికి ఫోన్ చేశావా?

శిరీష: చేశాను, ఉత్తరం రాగానే. అదేరోజు, ఏప్రిల్ 9న టెస్ట్ చేయమన్నాను. నెగెటివ్ వచ్చింది.

రమణక్క: 9న నెగెటివ్ అంటే మార్చి 13ది తేలిపోయింది. మూడు వారాలు దాటాయి కాబట్టి. మార్చి 25ది తేలలేదు. 25కి 21 కలుపు.

శిరీష: ఏప్రిల్ 15. రెండోసారి ఆ రోజు చేయమన్నాను. కానీ ఆమెకు 13నే వచ్చేసింది. ఈసారి రోజుకు నాలుగు ప్యాడ్‌లు, ఐదు రోజులు.

రమణక్క: హమ్మయ్య. క్యాలెండర్ ఇటివ్వు. ఏప్రిల్ 13 నుంచి 14 రోజులు వెనక్కి పో. మార్చి 30. సుమారుగా ఆ రోజుల్లో అండం విడుదలైంది. 25కి ఐదు రోజుల దూరం. అంచున తప్పించుకుంది.

శిరీష: నాకు ఒళ్లు జలదరించింది అక్కా, ఈ లెక్క చూస్తే.

రమణక్క: నాకూ అంతే. ఏప్రిల్ 1 రావలసింది 13న వచ్చింది, పన్నెండు రోజులు. చాలామందికి అనుకున్న తేదీకి అటూఇటూ వారంలోపే వస్తుంది. కొందరికి ఇంత దూరం పోతుంది.

శిరీష: ఇంకో ఉత్తరం ఉంది, టైమ్ లేదు. క్లుప్తంగా చెప్తాను. ఈమె 22వ రోజున మాత్ర వేసుకుందట, డేట్ మామూలుగానే వచ్చింది. "మరి మాత్ర పనిచేసినట్టా, చెయ్యనట్టా" అని అడుగుతోంది.

రమణక్క: 28 రోజుల లెక్కైతే అప్పటికి అండం వచ్చిపోయి వారం. మాత్ర చెయ్యడానికి పనేమీ లేదు, నెట్టడానికీ లేదు. అందుకే డేట్ టైమ్‌కి వచ్చింది. మాత్ర గెలిచిందని కాదు, ఆమెకు అప్పటికే ప్రమాదం తక్కువ.

శిరీష: ఇక ఆలస్యం గురించి. అనుకున్న తేదీ దాటి ఏడు రోజులైనా, లేదా మాత్ర వేసుకుని మూడు వారాలైనా రాకపోతే టెస్ట్. పొద్దున్నే మొదటి మూత్రంతో. పల్చని గీత కూడా గీతే. ఈ మాత్ర టెస్ట్ ఫలితాన్ని మార్చదు.

రమణక్క: వాంతి?

శిరీష: రెండు గంటల్లోపు వాంతైతే మళ్లీ వేసుకోవాలి. ఫిట్స్ మాత్రలు కొన్ని, టీబీ మాత్రల్లో రిఫాంపిసిన్ వాడేవాళ్లు షాపులో ముందే చెప్పండి, వాటివల్ల దీని బలం తగ్గుతుంది. నేను అడిగితే కోపపడొద్దు.

రమణక్క: ఒకటి మరిచాను. నెలలో రెండు మూడుసార్లు వేసుకుంటే ఈ తేదీల లెక్క ఏదీ మిగలదు. అప్పుడు నా క్యాలెండర్ కూడా...

శిరీష: పెన్సిల్‌తోనే నింపుతావు.

రమణక్క: నవ్వకు. నిజంగానే ఏమీ తెలియదప్పుడు. కాపర్ టీ గురించి నువ్వు పోయిన నెల చెప్తానన్నావు, ఐదు రోజుల్లోపు వేయించుకుంటే...

శిరీష: చెప్తా, చెప్తా. అక్కా, కొళాయి శబ్దం వస్తోంది.

రమణక్క: నీళ్లు వదిలారా? ఈరోజు కాదే మనకు... బిందెలు బయట పెట్టావా?

శిరీష: పెట్టలేదు. పట్టుకో, వస్తున్నా.