పొయ్యి మీద నాలుగు నిమిషాలు: సోటే, జూలియెన్, మీజాఁప్లాస్

(రాయగడలో కొత్తగా వంట నేర్చుకుంటున్నవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో వంట మాటలు రెండు భాషల్లో తిరుగుతుంటాయి. మనం వేపుడు అంటే పక్కింటివాళ్లు భజా అంటారు. మాంసం మసాలాను నూనె తేలేదాకా వేయించడాన్ని కషా అంటారు. ఈ మాటలకు ఎవరూ అర్థాలు అడగరు, పొయ్యి దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నవి కాబట్టి. చిక్కంతా ఫోన్లో చదివే వంటకాలతోనే. "క్యారెట్ జూలియెన్ చేసి, సోటే చేయండి" అని ఉంటుంది. చేసి చూస్తే క్యారెట్ ఒక పక్క మాడుతుంది, ఒక పక్క పచ్చిగా ఉంటుంది, పెనం అడుగున నీళ్లు నిలుస్తాయి.

ఈ ఫ్రెంచి మాటలను విడివిడిగా బట్టీ పట్టి లాభం లేదు. సోటే, జూలియెన్, మీజాఁప్లాస్ మూడూ ఒకే పనికి సంబంధించిన మూడు దశలు. వంటలో మీజాఁప్లాస్ మొదట వస్తుంది, సోటే చివర వస్తుంది. కానీ అర్థం కావాలంటే చివరి నుంచి వెనక్కి రావాలి. అందుకే ముందు పెనం దగ్గర మొదలుపెడదాం.

సోటే అంటే ఫ్రెంచిలో "ఎగిరించినది" అని. బాగా కాలిన పెనంలో కొద్ది నూనె వేసి, ముక్కలను ఒకే వరసగా పరిచి, ఎగరేస్తూ మూడు నాలుగు నిమిషాల్లో ముగించే పద్ధతి ఇది. మన వేపుడు ఇది కాదు. బెండకాయ వేపుడు మధ్యస్థం మంట మీద పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, ముక్కలో నీరు మెల్లగా ఇగిరిపోతుంది. సంతుళా కూడా ఇది కాదు, అందులో కూరగాయలు తమ నీటిలోనో, పోసిన కొద్ది నీళ్లలోనో మగ్గుతాయి. సోటేలో ముక్క పైన రంగు రావాలి, లోపల కొంచెం కరకర మిగలాలి.

రంగు ఎప్పుడొస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. నీళ్లు ఉన్నంతసేపూ ముక్క పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గోధుమ రంగు, వేయించిన వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. ముక్క నుంచి ఊరిన తడి ఊరినట్టే ఆవిరైపోతుంటే రంగు వస్తుంది, పెనంలో నిలిస్తే కూర ఉడుకుతుంది. సోటే చెడిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం తడే. ముక్కలు కడిగి ఆరబెట్టకుండా వేసి ఉంటారు, లేదా పెనం నిండా కుక్కి ఉంటారు, లేదా ఉప్పు ముందే చల్లి ఉంటారు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది కాబట్టి సోటేలో ఉప్పు ఆఖరి అరనిమిషంలోనే వేయాలి. మూత సంగతి వేరే చెప్పాలా? పెడితే ఆవిరంతా మళ్లీ కూరలోకే దిగుతుంది.

చెడుతోందని కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ముక్కలు వేయగానే చుయ్‌మని గట్టిగా మోగి ఆ మోత నిలబడితే బాగున్నట్టు. చప్పుడు సన్నగిల్లి బుడబుడ మొదలైతే వేడి పడిపోయింది, నీళ్లు చేరాయి. అప్పుడు ఇంకా కలిపితే ఇంకా చల్లారుతుంది. సగం ముక్కలు పళ్లెంలోకి తీసేసి, మంట పెంచి, చప్పుడు తిరిగి వచ్చేదాకా కదపకుండా ఉంచడమే మందు.

పెనం గురించి ఒక మాట. ఇంట్లో మూకుడు ఉంటుంది, దానికి అడుగు గుండ్రం. నూనె, వేడి రెండూ నడి గుంటలో చేరి, ముక్కల్లో కొన్నే ఆ వేడికి తగులుతాయి. అడుగు బల్లపరుపుగా, అంచు కొంచెం పైకి ఉన్న 26 సెంటీమీటర్ల ఇనుప పెనం దీనికి నయం. అది కాలిందో లేదో చూడాలంటే నూనె పోయకముందే రెండు నీటి చుక్కలు చల్లండి. అక్కడే పరుచుకుని సుర్రుమని ఇగిరితే ఇంకా కాలాలి. ముత్యాల్లా గుండ్రమై దొర్లితే వేడి ఎక్కింది, చుక్కలు పోయాక నూనె పోయొచ్చు. నాన్‌స్టిక్ పెనానికి ఈ పరీక్ష వద్దు, దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద కాల్చకూడదు. సోటేకు వెన్న వాడాలనిపిస్తే నెయ్యి వాడండి. వెన్నలోని పాల మడ్డి మాడి చేదెక్కుతుంది, నెయ్యిలో అది ముందే తీసేసి ఉంటుంది. ఇక హోటల్లో వంటవాళ్లు పెనం ఎగరేస్తారు కదా అని మీరూ ఎగరేయనక్కర్లేదు. ఇంటి గ్యాసు మంట చిన్నది, పెనం పైకెత్తిన ప్రతిసారీ వేడి పోతుంది. ఇరవై సెకన్లకోసారి అట్లకాడతో అడుగు నుంచి తిరగేస్తే చాలు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, మన వంట వీడియోల్లో ఇది బాగా కలగాపులగమైంది. "ఉల్లిపాయ మెత్తబడి నిగనిగలాడేదాకా సోటే చేయండి" అంటారు. రంగు రాకుండా చిన్న మంట మీద మెత్తబరచడానికి ఫ్రెంచిలో వేరే మాట ఉంది, సుయే అంటారు, చెమట పట్టించడం అన్నమాట. అక్కడ ఉప్పు ముందే వేయాలి, మూత పెట్టినా తప్పులేదు. కాబట్టి వంటకంలో సోటే అన్న మాట ఒక్కటే చూడకండి. "మెత్తగా" అని ఉందా, "రంగు వచ్చేదాకా" అని ఉందా చూసి మంట పెట్టండి.

ఇప్పుడు ఒక మెట్టు వెనక్కి. మూడు నాలుగు నిమిషాల్లో వేగాలంటే ముక్క సన్నగా ఉండాలి, అన్నీ ఒకే మందంలో ఉండాలి. అలా తరగడమే జూలియెన్. అగ్గిపుల్లలా, అయితే దానికంటే కాస్త లావుగా ఉండే పోగులు ఇవి. వంట బడుల్లో చెప్పే కొలత దాదాపు 3 మిల్లీమీటర్ల మందం, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు. ఇప్పుడు నడుస్తున్న చిన్న రూపాయి బిళ్లలు రెండు ఒకదానిమీదొకటి పెడితే దాదాపు ఆ మందం. పొడవు కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు, మందం మాత్రం తేడా రాకూడదు. 2 మిల్లీమీటర్ల పోగు మాడే వేళకు 6 మిల్లీమీటర్ల పోగు లోపల పచ్చిగానే ఉంటుంది.

క్యారెట్‌తో చేసి చూద్దాం. చెక్కు తీసి, 5 సెంటీమీటర్ల తుండ్లుగా కోయండి. తుండు గుండ్రంగా ఉంటుంది కాబట్టి బల్ల మీద దొర్లుతుంది, చేయి తెగేది అక్కడే. అందుకని ఒక పక్క సన్నగా చెక్కి ఆ చదును మీద కూర్చోబెట్టండి. తర్వాత నిలువునా 3 మిల్లీమీటర్ల పలకలు కోయండి. మూడు నాలుగు పలకలు దొంతిపెట్టి, మళ్లీ నిలువునా అదే మందంలో కోస్తే పోగులు వస్తాయి. దొంతి ఎత్తుగా పెడితే జారుతుంది, నాలుగు మించొద్దు. ఆనించిన చేతి వేళ్ల కొనలు లోపలికి ముడిచి, కత్తి పక్క భాగం వేలి కణుపుకు తగిలేలా పట్టుకోండి. బల్ల కింద తడిగుడ్డ వేస్తే కదలదు. పక్కన చెక్కిన ముక్కలు సాంబారులోకి పోతాయి.

కత్తిపీట మీద చేయొచ్చా? పలకలు చక్కగా వస్తాయి, అలవాటున్న చేతికి కత్తి కంటే త్వరగా కూడా. రెండో కోత దగ్గరే ఇబ్బంది. కత్తిపీట మీద కాయ కదులుతుంది, బ్లేడు కదలదు. దొంతిని గాలిలో పట్టుకోవాలి కాబట్టి పలకలు జారిపోతాయి. పలకలు కత్తిపీట మీద, పోగులు చాకుతో బల్ల మీద, అంతే. సంతలో పచ్చి బొప్పాయి దొరికితే దాన్నీ క్యారెట్‌లాగే కోయొచ్చు, కాకపోతే కోసినప్పుడు కారే పాలు కడిగేసి గుడ్డతో బాగా తుడవాలి. బంగాళాదుంప పోగులనూ పిండి పోయేదాకా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే పెనంలో ముద్దకడతాయి. బెండ, టమాటాల జోలికి వెళ్లొద్దు.

ఇంకొక మెట్టు వెనక్కి వస్తే మీజాఁప్లాస్. దేని చోట దాన్ని ఉంచడం అని అర్థం. మొదలుపెట్టేముందే అన్నీ కోసి, కొలిచి, చేతికందేలా పెట్టుకోవడం. ఇది మనకు కొత్తేమీ కాదు, పోపుల డబ్బా దీనికి సగం. ఆవాలు చిటపటలాడాక కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్తే ఎండుమిర్చి ఏమవుతుందో అందరికీ తెలుసు. సోటేలో ప్రతి నిమిషమూ ఆ పోపు నిమిషమే.

నలుగురికి ఒక కూర లెక్క చూడండి. క్యారెట్ 200 గ్రాములు, బీన్స్ 100, క్యాప్సికం 100, ఉల్లిపాయ 100. వెల్లుల్లి నాలుగు రెబ్బలు, నూనె రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ముప్పావు చిన్న చెంచా, మిరియాల పొడి అర చిన్న చెంచా, నిమ్మచెక్క ఒకటి. బీన్స్‌ను ఏటవాలుగా సన్నగా చీల్చండి, ఉల్లిపాయను తల నుంచి వేరుకు నిలువునా తరగండి. మొత్తం అరకిలో కాబట్టి ఆ 26 సెంటీమీటర్ల పెనంలో ఒక్కసారి పట్టదు. అన్నీ రెండు భాగాలు చేయండి.

గిన్నెలు పేర్చడం పెనంలో పడే వరుసలోనే ఉండాలి. మొదటిది క్యారెట్, బీన్స్. రెండోది ఉల్లి, క్యాప్సికం. మూడోది వెల్లుల్లి, నాలుగోది ఉప్పు, మిరియాలు. పక్కన ఖాళీ పళ్లెం ఒకటి మరిచిపోవద్దు, వేగిన మొదటి వాయి దేంట్లో తీయాలా అని వెతికే లోపే వెల్లుల్లి చేదెక్కుతుంది.

పెనం కాలాక ఒక చెంచా నూనె, మొదటి గిన్నెలో సగం వేసి రెండు నిమిషాలు. రెండో గిన్నెలో సగం వేసి ఒక నిమిషం. తర్వాత వెల్లుల్లి, అరనిమిషం. ఆపైన ఉప్పు, మిరియాలు వేసి ఒకటి రెండుసార్లు తిరగేసి పళ్లెంలోకి తీయండి. ఒక పోగు వంచి చూస్తే వంగాలి, కొరికితే కరకరమనాలి. వంచగానే విరిగితే ఇంకో అరనిమిషం. రెండో వాయికి ముందు పెనం తుడిచి, మళ్లీ కాలనివ్వండి. నిమ్మరసం రెండు వాయిలూ కలిపాక పళ్లెంలోనే పిండాలి.

అన్ని వంటలకూ ఇన్ని గిన్నెలు అక్కర్లేదు. పప్పు ఉడికేలోపు చింతపండు నానబెట్టుకోవచ్చు, పులుసు మరిగేలోపు కొత్తిమీర కోసుకోవచ్చు. అలాగే రాత్రే అన్నీ కోసిపెట్టుకుంటే ఉల్లిపాయ వాసన ఘాటెక్కి, క్యారెట్ పోగులు ఎండి వంకర తిరుగుతాయి. తప్పనిసరైతే క్యారెట్ పోగులను తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండేముందు ఆరబెట్టండి. ఉల్లిపాయ మాత్రం అప్పటికప్పుడు కోసుకోండి.