ఫోన్‌లో లైక్ చేసిన పాట ల్యాప్‌టాప్‌లో ఎందుకు లేదు? లైబ్రరీ సింక్ లోపల జరిగేది ఇదీ

హాయ్ అండి. ఈరోజు కొత్త ఫోనో, ఇయర్‌ఫోన్సో కాదు, మనం రోజూ వాడే మ్యూజిక్ యాప్స్‌లో ఒక్క ఫీచర్‌నే రివ్యూ చేస్తున్నాను, లైబ్రరీ సింక్. ఫోన్‌లో ఒక పాటకి హార్ట్ కొడతాం, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ పాట లిస్టులో ఉండదు. నాకిది పోయిన నెలలో జరిగింది, ఒకటి కాదు, మూడు పాటలు. ఏ యాప్ అనేది చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క యాప్‌కే వచ్చే సమస్య కాదు.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. ఫోన్‌లో లైక్ చేసిన పాటలు 415. ల్యాప్‌టాప్‌లో 413. అక్కడే నాకు ఒక అనుమానం వచ్చింది, నాకు కనపడనివి మూడు పాటలు కదా, లెక్కలో తేడా రెండే ఉందేంటి? ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని దగ్గరికే వస్తాను.

అప్పుడు నేను చేసిన మొదటి పని, బ్రౌజర్‌లో అదే సర్వీసు వెబ్ ప్లేయర్ తెరవడం. మీరూ ఇదే చేయండి, స్పాటిఫై అయితే `open.spotify.com`, యూట్యూబ్ మ్యూజిక్ అయితే `music.youtube.com`, ఆపిల్ మ్యూజిక్ అయితే `music.apple.com`. ఎందుకంటే ఫోన్ యాప్, ల్యాప్‌టాప్ యాప్ రెండూ తమ దగ్గర దాచుకున్న కాపీని మనకి చూపిస్తుంటాయి, వెబ్ ప్లేయర్ మాత్రం చాలావరకు సర్వర్‌నే అడిగి చూపిస్తుంది. అంటే అసలు రికార్డులో ఏముందో తెలుసుకోవడానికి మనకున్న దగ్గర దారి అదే. నా వెబ్ ప్లేయర్‌లో ఎంత ఉందో తెలుసా, 414. ఫోన్‌లో 415, సర్వర్ దగ్గర 414, ల్యాప్‌టాప్‌లో 413. ఒకే అకౌంట్, మూడు చోట్ల మూడు లెక్కలు.

ఇది అర్థం కావాలంటే, మనం హార్ట్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. నొక్కగానే గుర్తు రంగు మారుతుంది, మనం పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ రంగు మారడం మీ ఫోన్ లోపల జరిగిన విషయం. సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగితే మనకి యాప్ నెమ్మదిగా ఉందనిపిస్తుంది కాబట్టి, యాప్ ముందు రంగు మార్చేసి, "ఈ అకౌంట్, ఈ పాట నంబరు, ఈ టైముకి లైక్" అని ఒక చిన్న చీటీ రాసి పంపాల్సిన వాటి వరసలో పెడుతుంది. నెట్ ఉంటే ఆ చీటీ సెకను లోపే వెళ్లిపోతుంది. నెట్ లేకపోతే అక్కడే కూర్చుంటుంది. రెండో డివైజ్ ఏం చేస్తుందంటే, పాటల లిస్టు మొత్తం ప్రతిసారీ తెచ్చుకోదు, "నా దగ్గర ఇంతవరకు ఉంది, ఆ తర్వాత ఏం మారిందో అది మాత్రం ఇవ్వు" అని సర్వర్‌ని అడుగుతుంది. కాబట్టి లైక్ ప్రయాణంలో రెండు మజిలీలు ఉన్నాయి, మొదటి డివైజ్ నుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి రెండో డివైజ్‌కి. పాట ఏ మజిలీలో ఆగిందో వెబ్ ప్లేయర్ చెప్పేస్తుంది. వెబ్‌లో లేకపోతే తప్పు మొదటి డివైజ్ వైపు. వెబ్‌లో ఉండి ల్యాప్‌టాప్‌లో లేకపోతే తప్పు ల్యాప్‌టాప్ వైపు.

ఇప్పుడు నా మొదటి పాట. ఫోన్‌లో ఉంది, వెబ్‌లో లేదు. అంటే చీటీ ఫోన్ దాటలేదు. ఎందుకు దాటలేదు, వైఫై ఉంది, మెసేజ్‌లు వస్తున్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా యాప్ సెట్టింగ్స్‌లో దొరికింది, రెండు రోజుల క్రితం ప్రయాణంలో ఆఫ్‌లైన్ మోడ్ ఆన్ చేశాను, మళ్లీ ఆఫ్ చేయలేదు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్ వేరు, యాప్ లోపల ఉండే ఆఫ్‌లైన్ మోడ్ వేరండి. ఫోన్‌కి నెట్ ఉన్నా ఆ యాప్ మాత్రం నెట్ లేనట్టే ఉంటుంది. నేను వినేవి ఎలాగూ డౌన్‌లోడ్ చేసిన పాటలే కాబట్టి నాకు తేడానే తెలియలేదు. ఆఫ్ చేసి యాప్‌ని ఒక నిమిషం తెరిచి ఉంచాను, వెబ్ పేజీ రిఫ్రెష్ చేస్తే 415 అయింది. మీకు ఆఫ్‌లైన్ మోడ్ ఆఫ్‌లోనే ఉంటే, బ్యాటరీ సేవర్ చూడండి, యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో పని చేయనివ్వకుండా ఆపేస్తుంది. మనం లైక్ కొట్టి వెంటనే యాప్‌ని పైకి స్వైప్ చేసి తీసేస్తే చీటీ వరసలోనే ఉండిపోవచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సింక్ సమస్య అనగానే ఎవర్నడిగినా లాగౌట్ చేసి లాగిన్ అవ్వు, యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి అంటారు. పాట కనిపిస్తున్న డివైజ్ మీద ఆ పని దయచేసి చేయకండి. పంపని చీటీలు ఉండేది ఆ యాప్ డేటాలోనే. యాప్ డేటా తుడిచేస్తే చీటీ పోతుంది, తిరిగి లాగిన్ అయితే సర్వర్ దగ్గరున్న 414 మాత్రమే వస్తాయి, ఆ 415వ పాట ఏదో మీకు గుర్తుండాల్సిందే. రీఇన్‌స్టాల్ చేయాలంటే పాట లేని డివైజ్ మీద చేయండి, అది కూడా వెబ్‌లో పాట ఉందని చూసుకున్నాకే.

రెండో పాట. ఇది వెబ్‌లో ఉంది, ఫోన్‌లో ఉంది, ల్యాప్‌టాప్‌లో లేదు. నేను ల్యాప్‌టాప్ పాత కాపీ చూపిస్తోందనుకొని యాప్ మూసి తెరిచాను, అప్పుడు మొదటి పాట వచ్చింది, ఇది మాత్రం రాలేదు, 414 దగ్గర ఆగింది. సరిగ్గా చూస్తే ఈ పాట ఫోన్‌లో బూడిద రంగులో ఉంది, నొక్కితే ప్లే అవ్వదు. అంటే హక్కులున్నవాళ్లు ఆ పాటని ఆ సర్వీసు నుంచి తీసేశారు, లేదా నేనున్న దేశానికి ఇప్పుడు హక్కులు లేవు. లైక్ మాత్రం సర్వర్‌లో అలాగే ఉంది. నా ఫోన్‌లో, ప్లే కాని పాటల్ని కూడా చూపించమనే సెట్టింగ్ ఆన్‌లో ఉంది, ల్యాప్‌టాప్‌లో ఆఫ్. ఆన్ చేయగానే అక్కడా బూడిద రంగులో వచ్చింది, 415. ఇలాంటి సెట్టింగ్స్ చాలావరకు ఏ డివైజ్‌కి ఆ డివైజ్‌వే, అవి సింక్ అవ్వవు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. పాటని దాచేస్తున్నప్పుడు "ఒక పాట దాచి ఉంది" అని లిస్టు కింద ఒక్క లైను రాయొచ్చు కదా, మనిషి గంటసేపు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అలాగే డౌన్‌లోడ్‌లు కూడా డివైజ్‌వే. లైక్ ప్రయాణిస్తుంది, ఆడియో ఫైలు ప్రయాణించదు. స్పాటిఫైలో ఒక్కో డివైజ్‌కి 10,000 పాటల వరకు, 5 డివైజ్‌లలో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, 30 రోజులకి ఒకసారైనా నెట్‌కి కలపాలి. కాబట్టి రెండో డివైజ్‌లో డౌన్‌లోడ్ అయిన పాటలు మాత్రమే చూపించే ఫిల్టర్ ఆన్‌లో ఉంటే లిస్టు చిన్నగా కనపడుతుంది, అది సింక్ తప్పు కాదు.

ఇప్పుడు అన్నిచోట్లా 415. కానీ మూడో పాట నాకు ఇంకా కనపడట్లేదు. లెక్క సరిపోయింది, పాట లేదు, ఎలా? ల్యాప్‌టాప్‌లో నేను ఆ పాటని సెర్చ్ చేసి, ఆల్బమ్ తెరిచి చూస్తున్నాను, హార్ట్ ఖాళీగా ఉంది. అసలు జరిగిందేంటంటే, ఆ పాట ముందు సింగిల్‌గా విడుదలైంది, తర్వాత ఆల్బమ్‌లో వచ్చింది. మన చెవికి అదే రికార్డింగ్, యాప్‌కి మాత్రం రెండు వేర్వేరు నంబర్లు. స్పాటిఫైలో షేర్ లింక్ కాపీ చేస్తే ఆ నంబరు మీకే కనిపిస్తుంది, లింక్‌లో `track/` తర్వాత వచ్చే 22 అక్షరాలు. రెండు చోట్ల నుంచీ లింక్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, అక్షరాలు వేరైతే అవి వేర్వేరు పాటలుగా నమోదైనట్టే. నేను ఫోన్‌లో లైక్ చేసింది సింగిల్‌ని, ల్యాప్‌టాప్‌లో చూస్తున్నది ఆల్బమ్‌లోది. లైక్ లిస్టులోకి వెళ్లి పాట పేరుతో వెతికితే అక్కడే ఉంది, మొదటినుంచీ ఉంది. అందుకే మొదట్లో తేడా మూడు కాకుండా రెండే వచ్చింది.

లెక్కలు అస్సలు దగ్గరగా కూడా లేకపోతే, అంటే ఒకచోట 415, ఇంకోచోట 20 ఉంటే, ముందు అకౌంట్ చూడండి. ఫోన్‌లో ఫేస్‌బుక్‌తో లాగిన్, ల్యాప్‌టాప్‌లో ఈమెయిల్‌తో లాగిన్ అయ్యుంటే అవి రెండు అకౌంట్లు అయ్యుండొచ్చు. యూట్యూబ్ మ్యూజిక్‌లో ఇంకో మెలిక ఉంది, ఒకే గూగుల్ అకౌంట్ కింద రెండు ఛానెళ్లు ఉంటే లైక్‌లు ఏ ఛానెల్‌వి ఆ ఛానెల్‌కే. ఈమెయిల్ ఒకటే కదా అని అక్కడ మోసపోవద్దు, ప్రొఫైల్ ఫోటో నొక్కి ఛానెల్ పేరు చూడండి.

ఇక ఎవరి సింక్ బాగుంది అంటే, ఈ ఒక్క విషయంలో నేను మార్కులు వేసేది మ్యాక్‌లోని ఆపిల్ మ్యూజిక్‌కి. అక్కడ `Sync Library` అనే స్విచ్ ప్రతి డివైజ్‌లో విడిగా ఆన్ చేయాలి, అది మర్చిపోయి ఇబ్బందిపడేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ మాట నిజమే. కానీ పాటల లిస్టులో `Cloud Status` అనే కాలమ్ పెట్టుకుంటే ఒక్కో పాట పక్కనే దాని పరిస్థితి రాసి ఉంటుంది. `Waiting` అంటే ఇంకా వరసలో ఉంది, `Uploaded` అంటే మీ సొంత ఫైలు పైకి వెళ్లింది, `No Longer Available` అంటే సర్వీసులోనే లేదు, `Ineligible` అంటే ఎక్కించడానికి వీల్లేని ఫైలు, ఉదాహరణకి 200 ఎంబీ దాటిన సొంత రికార్డింగ్. నేను గంటసేపు మూడు స్క్రీన్లు పోల్చి కనుక్కున్న దాంట్లో సగం, అక్కడ ఒక్క మాటలో రాసి ఉంటుంది. హార్ట్ పక్కన "ఇంకా పంపలేదు" అనే చిన్న గుర్తు మిగతా యాప్స్ కూడా పెట్టాలి, నేను వాడిన యాప్‌కి ఫీడ్‌బ్యాక్‌లో ఇదే రాశాను.

ఒక డివైజ్ గురించి చెప్పడం మిగిలింది, డ్రాయర్‌లో పడేసిన పాత టాబ్లెట్. దాంట్లో ఎప్పుడో నెట్ లేనప్పుడు ఒక పాటని అన్‌లైక్ చేసి ఉంటే ఆ చీటీ కూడా దాంట్లోనే ఆగి ఉంటుంది. నెలల తర్వాత ఛార్జింగ్ పెట్టి వైఫై కలిపితే అది ఇప్పుడు బయల్దేరుతుంది. వచ్చిన వరసలోనే రాసుకునే సర్వర్ అయితే, మధ్యలో మీరు ఆ పాటని మళ్లీ లైక్ చేసినా సరే, చివరగా వచ్చింది అన్‌లైక్ కాబట్టి పాట అన్ని చోట్లా మాయమవుతుంది. అందుకే పాత డివైజ్‌ని చాలాకాలం తర్వాత తెరిచేటప్పుడు, వైఫై కలపకముందే వెబ్ ప్లేయర్‌లో లైక్ లెక్క ఎంతుందో రాసిపెట్టుకోండి, కలిపాక ఇంకోసారి చూడండి.