చదివింపుల పుస్తకం

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను కుటుంబ పొదుపు గురించి మాట్లాడమన్నారు. అందులో నాకు బాగా తెలిసిన మాట ఒక్కటే ఉంది, అది చదివింపుల మాట.

2010లో మా దగ్గరి బంధువుల గృహప్రవేశానికి అర కాసు ఉంగరం పెట్టాను. అంతకు ముందు వారు మా అమ్మాయి పెళ్ళిలో పావు కాసు పెట్టారు కనుక, మేము రెట్టింపు పెట్టకపోతే మాట పడతామని ఇంట్లో అందరమూ భయపడ్డాము. ఉంగరానికీ బట్టలకూ కలిపి 8,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు 240 చొప్పున 22 నెలలు కట్టిన వడ్డీయే 5,280 రూపాయలు అయింది. ఆ ఉంగరం ఎవరు తెచ్చారో ఆ ఇంటివారికి ఈనాడు గుర్తు లేదు.

చదివింపు అసలు ఎందుకు పుట్టిందో ఆలోచించండి. పెళ్ళి ఖర్చు ఒకేసారి మీద పడినప్పుడు నలుగురూ తలా కొంత చేతికిచ్చి, తమ ఇంట శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి అందుకునే వడ్డీ లేని చేబదులు అది. అందుకే పుస్తకంలో రాస్తాము. వచ్చినదానికి కొంత కలిపి తిరిగి పెట్టాలన్న పట్టుదల మొదలైన తరువాత ఆ చేబదులుకు మనమే వడ్డీ కట్టడం మొదలుపెట్టాము.

ఇప్పుడు నేను ఉగాదికి పంచాంగం రాగానే ముహూర్తాలు చూసి, మాకు రాగల పిలుపులన్నీ రాసుకుంటాను. మొన్నటి సంవత్సరం మొత్తానికి 15,000 అనుకున్నాను. మేనకోడలి పెళ్ళికి మేనమామగా నేను పెట్టవలసినది ఉంది కనుక ముందు 5,000 పక్కన పెట్టాను. నాలుగు దగ్గరి ఇళ్ళకు 1,116 చొప్పున 4,464 అయింది. మిగిలిన పది పిలుపులకు 516 చొప్పున 5,160. ఇంకా 376 రూపాయలు మిగిలాయి. ఎవరు మాకు ఎంత పెట్టారన్నది పుస్తకంలో చూస్తాను, కానీ అది మనిషిని మరిచిపోకుండా ఉండడానికే. అంకె మాత్రం నా లెక్క నుండే వస్తుంది. అనుకోని పిలుపు వస్తే వెళ్ళి అక్షతలు వేసి, వడ్డనలో ఒక చేయి వేసి వస్తాను.

ఈ లెక్కను చెడగొట్టేది మైకు. అమ్మా, అయ్యా, మీలో శుభకార్యాలు చేయబోయేవారు దయచేసి ఈ మాట వినండి. ఫలానావారు ఇంత చదివించారని మైకులో అరిపించడం వల్ల 516 తెచ్చినవాడు పక్కవాడి దగ్గర అప్పు చేసి 1,116 రాయిస్తాడు. నేను కళ్ళారా చూశాను. రాయండి, కానీ చదవకండి. ముందుగా కవరులో పెట్టి, వెనుక పేరు రాసి తెచ్చుకున్నవారికి అక్కడ చేయి జారదు.

వచ్చే మాఘంలో మా మనవరాలికి ఓణీల వేడుక. ఆ రోజు పుస్తకం రాసేవారు ఉంటారు, మైకు ఉండదు. మీరందరూ రావాలి.