సితార్‌కి అన్ని తీగలెందుకు?

అందరికీ నమస్కారం అండి. సితార్ చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, ఇన్ని తీగలు ఎట్లా వాయిస్తారు అని. నిజానికి రాగమంతా దాదాపు ఒక్క తీగ మీదే నడుస్తుంది, దాన్ని బాజ్ అంటారు, మధ్యమానికి శృతి చేస్తారు. పక్కన జోడ్ ఉంటుంది, కింది స్థాయి తీగలు కొన్ని, తాళం లాగా మధ్యమధ్యలో మీటడానికి చికారీలు. ఇవన్నీ కలిపి ఆరో ఏడో. మిగతా 11 నుంచి 13 తీగలు మెట్ల కింద నుంచి వెళ్తాయి, వాటిని తరఫ్ అంటారు, వాయించేటప్పుడు మామూలుగా వాటిని ఎవరూ ముట్టుకోరు. మెట్లు విల్లులా వంగి ఉన్నాయి కాబట్టే వాటికి కింద దారి దొరికింది.

మరి ముట్టుకోని తీగలెందుకు? యమన్ తీసుకుందాం, మన కల్యాణి దగ్గరి రాగం. గాంధారం మెట్టు మీద వేలు పెట్టి, వేలికి తొడుక్కునే మిజ్రాబ్‌తో ఒక్కసారి మీటి, వేలు తియ్యకుండా తీగని మెట్టు వెంబడే పక్కకి లాగుతూ పంచమానికి వెళ్తాం, ఇదే మీండ్. వీణలో తీగ లాగి గమకం పలికించినట్టే, కానీ ఇక్కడ ఒకే మీటులో ఇంకా దూరం పోవచ్చు. గ నుంచి ప అంటే స్వరం కంపనాల వేగం 6/5 రెట్లు పెరగాలి, బిగువు దాని వర్గం లెక్కన పెరగాలి కాబట్టి తీగ బిగువు 36/25 రెట్లు కావాలి, అంటే 44 శాతం ఎక్కువ, అదంతా వేళ్ళే ఇవ్వాలి. అదే స నుంచి ప దాకా ఒకే లాగులో పోవాలంటే బిగువు రెండుంపావు రెట్లవుతుంది, తీగ పాతదైతే అక్కడే ఠప్పుమంటుంది.

ఇప్పుడు తరఫ్ పని చూడండి. ముందే రాగం స్వరాలకి శృతి చేసి ఉంటాయి కదా, మన లాగుడు గ, పల మధ్య ఉన్న ప్రతిమధ్యమాన్ని దాటుతుంటే ఆ స్వరం తీగ కొంచెం మెరుస్తుంది, పంచమానికి కచ్చితంగా చేరితే పంచమం తరఫ్ దానంతట అదే మోగిపోతుంది, బాజ్ ఆపేసినా కాసేపు వినిపిస్తూనే ఉంటుంది. నమ్మకపోతే ఆ తరఫ్ మీద చిన్న కాగితం ముక్క మడిచి వేలాడదీసి చూడండి, స్వరం కుదిరితేనే ఎగురుతుంది. ఒక పిసరు తక్కువ లాగారనుకోండి, అది కదలదు, వాద్యం ఒక్కసారిగా పొడిగా వినిపిస్తుంది, మీండ్ సాధన చేసేవాళ్ళకి ఇంతకంటే నికార్సైన గురువు లేదు అని నా అభిప్రాయం. అయితే తరఫ్ మోగడానికి కాస్త టైం కావాలి, అందుకే నెమ్మదైన ఆలాపనలో దాని అందం పూర్తిగా తెలుస్తుంది, వేగం తాన్లలో అంత పట్టదు.

ఇంకోటి, యమన్ అయ్యాక కాఫీ రాగం వాయించాలంటే గాంధారం, నిషాదం తరఫ్‌లు కోమలానికి దించాలి, మధ్యమం శుద్ధానికి రావాలి, లేకపోతే మీరెంత బాగా లాగినా ఆ స్వరాలకి బదులు పలికే తీగ ఉండదు. స్టేజీ మీద కళాకారులు రాగం మార్చేముందు అంతసేపు చిన్న బిరడాలు తిప్పుతూ కూర్చునేది, చిటికెన వేలి గోరుతో తరఫ్‌లన్నీ వరసగా మీటి చూసుకునేది ఇందుకే.