కుటుంబం కోసమే అన్న వాల్టర్ వైట్ ఎక్కడ మారాడు?

నమస్కారం. ఈ వీడియోలో 'బ్రేకింగ్ బ్యాడ్' కథ చివరిదాకా మాట్లాడుకుంటాం. ఇంకా చూడనివాళ్లు ముందు అది చూసి రండి.

2008 నుంచి 2013 దాకా ఐదు సీజన్లు, 62 ఎపిసోడ్లు. మొదట్లో వాల్టర్ వైట్ యాభై ఏళ్ల కెమిస్ట్రీ మాస్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిశాక, తను పోతే భార్యాబిడ్డలు ఎలా బతుకుతారని మత్తుమందు తయారీకి దిగుతాడు. చివరి ఎపిసోడ్‌లో అదే మనిషి భార్య స్కైలర్‌తో, ఇదంతా నా కోసమే చేశాను అంటాడు.

డబ్బు చూశాక ఆశ పెరిగిందని చాలామంది అంటారు. నాకు అది సరిపోదు. రచయితలు చేసింది వేరు. అతను చెప్పే కారణాన్ని ఒక్కోసారి కథలోంచి తీసేస్తారు. కారణం పోయినా అతను ఆగడు. అప్పుడు అడుగున ఉన్నది బయటపడుతుంది.

[తెర మీద: సీజన్ 1, ఎపిసోడ్ 5, 'గ్రే మ్యాటర్']

ఇది చాలా తొందరగా జరుగుతుంది. వాల్టర్ పాత స్నేహితుడు ఎలియట్, అతని భార్య గ్రెచెన్ పెద్ద కంపెనీ యజమానులు. ఆ కంపెనీ మొదలుపెట్టినవాళ్లలో వాల్టర్ ఒకడు. ఎలియట్ ఉద్యోగం ఇస్తానంటాడు, వైద్యం ఖర్చు చూసుకుంటానంటాడు. కుటుంబమే లెక్కయితే కథ ఇక్కడే అయిపోవాలి. వాల్టర్ ఒప్పుకోడు. వాళ్ల దగ్గర చెయ్యి చాపడం కంటే నేరమే నయం అనుకుంటాడు. అంటే అహం అప్పటికే ఉంది, కుటుంబం మీద ప్రేమ కూడా నిజమే. రెండూ ఒకే దారిలో నడుస్తున్నాయి కాబట్టి మనకి విడిగా కనిపించలేదు.

రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో అతను లెక్క వేస్తాడు. ఇద్దరు పిల్లల కాలేజీకి 3,60,000 డాలర్లు, ఇంటి అప్పులకి 1,37,000, పదేళ్ల ఇల్లు గడవడానికి 2,40,000. మొత్తం 7,37,000. లెక్క కచ్చితంగా ఉన్నంతసేపు మనం అతని పక్షమే, ఎందుకంటే ఎక్కడ ఆగాలో అతనికి తెలుసనిపిస్తుంది.

[తెర మీద: సీజన్ 2, ఎపిసోడ్ 9, '4 డేస్ అవుట్']

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ట్యూమర్ 80 శాతం తగ్గిందని డాక్టర్ చెప్తాడు. ఇంట్లోవాళ్లు ఆనందంతో కౌగిలించుకుంటారు. వాల్టర్ బాత్‌రూమ్‌లోకి వెళ్లి, గోడకున్న పేపర్ టవల్ డబ్బాని సొట్ట పడేదాకా గుద్దుతాడు. ఒక్క మాట లేదు. చావు దగ్గరలో ఉందన్నదే ఇన్నాళ్లూ అతనికి అనుమతి. ఇప్పుడది పోయింది. మళ్లీ ఆ పాత మాస్టారిగానే బతకాలి.

వెంటనే వచ్చే ఎపిసోడ్ 'ఓవర్'. ఇంటి కింద కుళ్లిన చెక్కలు మార్చే పనిలో మునిగిపోతాడు. ఆ సామాను కొనడానికి వెళ్లిన షాపులో, మత్తుమందు తయారీకి సరుకు కొంటున్న ఓ కుర్రాడు కనిపిస్తాడు. ముందు మాస్టారిలా అతని తప్పులు దిద్దుతాడు. తర్వాత లైన్లోంచి బయటికి వచ్చి, నా ఇలాకాలోకి రావద్దని బెదిరిస్తాడు. అక్కడ డబ్బు ఊసే లేదు. ఆ పక్క ఎపిసోడ్‌లో కూతురు పుడుతోందన్న కబురు, సరుకు అందించే గడువు ఒకేసారి వస్తాయి. అతను సరుకు వైపే వెళ్తాడు.

మూడు, నాలుగు సీజన్లని ఇక్కడ దాటేస్తున్నాను. అప్పుడు అతను ఎక్కువగా ప్రాణభయంతో పరిగెత్తుతాడు. భయంలో ఉన్న మనిషి అసలు కోరిక ఏంటో తేల్చడం కష్టం.

[తెర మీద: సీజన్ 5, ఎపిసోడ్ 6, 'బయౌట్']

శత్రువు గస్ చనిపోయాడు, కాబట్టి ఆ భయం కూడా లేదు. మత్తుమందు ముడిసరుకులో తన వాటాకి 50 లక్షల డాలర్లు ఇస్తామంటున్నారు, పాత లెక్కకి దాదాపు ఏడు రెట్లు. వాల్టర్ వద్దంటాడు. ఎందుకో తనతో కలిసి మత్తుమందు తయారుచేసే జెస్సీకి చెప్తాడు. ఎలియట్ కంపెనీలో తన వాటాని ఒకప్పుడు 5,000 డాలర్లకి అమ్ముకున్నాడు. ఇప్పుడు ఆ కంపెనీ విలువ 216 కోట్ల డాలర్లు. ప్రతి వారం ఆ లెక్క చూసుకుంటూ ఉంటాడట. మొదటి సీజన్‌లో సాయం వద్దన్న మనిషి, ఇప్పుడు 50 లక్షలు వద్దన్న మనిషి ఒకే గాయంతో మాట్లాడుతున్నారు. ఈ సీన్ చూశాక మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్ మళ్లీ చూడండి, అతని ముఖంలో అంతా ఉంటుంది.

అందుకే చివరి ఎపిసోడ్ 'ఫెలీనా'లో 'నా కోసమే' అన్న మాట కొత్తగా పుట్టినట్టు ఉండదు. అందులోనే ఇంకో సీన్ ఉంది. మిగిలిన 97 లక్షల 20 వేల డాలర్లు కొడుక్కి చేర్చమని ఎలియట్, గ్రెచెన్‌లని బెదిరించి అప్పగిస్తాడు. అప్పుడు కూడా ఒక షరతు పెడతాడు: లాయర్ ఫీజుతో సహా ప్రతి ఖర్చూ ఆ డబ్బులోంచే తియ్యాలి, మీ సొంత డబ్బు ఒక్క డాలర్ కూడా కలపకూడదు.